మోడల్ కట్టే ముందు మూడు కాలమ్‌లు: నాయీవ్, సీజనల్ నాయీవ్, మూవింగ్ యావరేజ్ వేసి చూసుకోవడం ఎలా?

"మా అమ్మకాల అంచనా మోడల్‌కు 88 శాతం యాక్యురసీ వచ్చింది, బాగున్నట్టేనా?" హనుమకొండ, కాజీపేట వైపు ప్రాజెక్టులు చేస్తున్న పిల్లల నుంచి, దుకాణం లెక్కలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నవాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇది. ఆ ఒక్క అంకె చూసి జవాబు చెప్పలేం. ఏ మోడలూ లేకుండా, పోయిన వారం అమ్మకాలనే ఈ వారానికి రాసేసుకుంటే 96 శాతం వచ్చేదనుకోండి, అప్పుడు 88 అంటే మీరు కష్టపడి నష్టం తెచ్చుకున్నట్టు.

అందుకే ముందు బెంచ్‌మార్క్ వేయాలి. బెంచ్‌మార్క్ అంటే ఖర్చు లేకుండా, నిమిషాల్లో వచ్చే మొరటు అంచనా. మీ మోడల్ దాన్ని దాటితేనే దానికి పని ఉన్నట్టు. ఎలా వేయాలో ఒక పాల బూత్ పెరుగు ప్యాకెట్ల లెక్కతో చూద్దాం. అంకెలు తేలిగ్గా ఉండాలని నేనే వేసుకున్నాను. మీ అంకెలు పెట్టుకుని ఇదే దారిలో వెళ్లండి.

ఏం కావాలి?

- ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ. ఫోన్‌లో కూడా అవుతుంది, కాకపోతే ఓపిక కావాలి.
- తేదీ, ఆ రోజు అమ్మకం అనే రెండు కాలమ్‌లు. నేర్చుకోవడానికి నాలుగు వారాలు చాలు. నిజంగా నిర్ణయం తీసుకోవాలంటే కనీసం మూడు, నాలుగు నెలల లెక్క ఉండాలి.
- "ఎప్పుడు కూర్చుని, ఎన్ని రోజుల ముందుకు అంచనా చెప్పాలి?" అన్నదానికి జవాబు. చాలామంది దాటేసేది దీన్నే. మన బూత్ యజమాని ఆదివారం రాత్రే వచ్చే వారమంతటికీ ఇండెంట్ చెప్పాలి అనుకుందాం. అంటే ఏడు రోజుల అంచనా ఒకేసారి కావాలి.

మన లెక్క ఇది:

| వారం | సోమ | మంగళ | బుధ | గురు | శుక్ర | శని | ఆది |
|---|---|---|---|---|---|---|---|
| 1 | 40 | 42 | 41 | 43 | 46 | 58 | 70 |
| 2 | 42 | 41 | 44 | 42 | 48 | 60 | 73 |
| 3 | 41 | 44 | 43 | 45 | 47 | 62 | 75 |
| 4 | 44 | 43 | 46 | 44 | 50 | 61 | 78 |

ఆదివారం ఎందుకు ఎగిరిందో మన దగ్గర చెప్పక్కర్లేదు. ఇంట్లో బగారా అన్నమో బిర్యానీయో పడితే పెరుగు చట్నీ ఉండాల్సిందే.

1. చివరి వారాన్ని పక్కన పెట్టండి

నాలుగో వారం మనకు తెలియదనుకోవాలి. అది పరీక్ష పేపర్. మొదటి మూడు వారాలను చూసి అంచనా వేయాలి, తర్వాతే పేపర్ విప్పాలి.

షీట్‌లో A కాలమ్‌లో తేదీ, B కాలమ్‌లో అమ్మకం కిందికి వరసగా రాయండి. మొదటి వరస శీర్షిక. 2 నుంచి 22 వరకు ఉన్న వరసలు తెలిసిన 21 రోజులు, 23 నుంచి 29 వరకు పరీక్ష వారం.

ఇక్కడే ఒక చూపు తేదీల మీద వేయండి. మధ్యలో ఒక్క రోజు రాయడం మరిచిపోయినా, "ఏడు వరసల పైన" అన్నది పోయిన సోమవారం కాకుండా పోయిన ఆదివారం అవుతుంది. షీట్ ఏమీ అనదు, లెక్క మాత్రం పాడవుతుంది. ఒక ఖాళీ కాలమ్‌లో `=TEXT(A2,"ddd")` వేసి కిందికి లాగితే వారాల పేర్లు వరసగా వస్తున్నాయో లేదో కంటికే కనబడుతుంది. బూత్ మూసిన రోజు ఉంటే ఆ వరసను తీసేయకండి. తేదీ ఉంచి, మూసినట్టు పక్కన గుర్తు పెట్టుకోండి.

2. నాయీవ్: చివరి అంకెనే ముందుకు తోయడం

ఆఖరిసారి ఎంత అమ్మిందో, రేపూ ఎల్లుండీ అంతే అనుకోవడం నాయీవ్. మన లెక్కలో చివరి రోజు ఆదివారం, 75. కాబట్టి వారమంతా 75.

3. సీజనల్ నాయీవ్: పోయిన వారం ఇదే రోజు

సోమవారానికి పోయిన సోమవారం, ఆదివారానికి పోయిన ఆదివారం. అంటే మూడో వారం అంకెలనే నాలుగో వారానికి రాసేయడం. రోజువారీ అమ్మకాలకు ఏడు రోజుల వెనక్కి, నెలవారీ లెక్కలకు 12 నెలల వెనక్కి వెళ్లాలి.

4. మూవింగ్ యావరేజ్: చివరి కొన్ని రోజుల సగటు

చివరి ఏడు రోజుల మొత్తం 357, సగటు 51. వారమంతా 51.

ఎన్ని రోజుల సగటు తీయాలో, అంటే కిటికీ ఎంతో, జాగ్రత్తగా ఎంచుకోండి. వారం పోకడ ఉన్న అమ్మకాలకు 7, 14, 28 లాంటి ఏడు గుణిజాలే వాడాలి. ఐదు రోజుల సగటు తీశారనుకోండి, బుధవారం నుంచి ఆదివారం దాకా మాత్రమే వస్తాయి, సగటు 54.4 అవుతుంది. అమ్మకాలేమీ పెరగలేదు, శని ఆదివారాల వాటా ఎక్కువైంది, అంతే. ఇంకో హెచ్చరిక: 7, 14, 21 అన్నీ వేసి, పరీక్ష వారంలో ఏది బాగా వస్తే దాన్ని తీసుకోవడం పేపర్ ముందే చూడటమే. కిటికీని తెలిసిన మూడు వారాల్లోనే తేల్చుకోండి.

షీట్‌లో 23వ వరసలో ఇవి వేసి 29 వరకు లాగండి. C నాయీవ్, D సీజనల్ నాయీవ్, E మూవింగ్ యావరేజ్:

```
C23:  =$B$22
D23:  =B16
E23:  =AVERAGE($B$16:$B$22)
```

D కాలమ్‌లో డాలర్ గుర్తు పెట్టకూడదు, మిగతా రెండింటిలో పెట్టి తీరాలి. E లో డాలర్ మరిచిపోతే, కిందికి లాగేకొద్దీ పరీక్ష వారం అంకెలే సగటులోకి జారిపోతాయి.

రెండు వారాల ముందుకు అంచనా కావాలంటే D కాలమ్‌ను గుడ్డిగా కిందికి లాగొద్దు. D30 కు వచ్చేసరికి అది B23 ను, అంటే మీకు ఇంకా తెలియని రోజును చూస్తుంది. అక్కడ మళ్లీ B16 నుంచి మొదలుపెట్టాలి.

5. మీ మోడల్ అంచనాను F కాలమ్‌లో పెట్టండి

ఒక మోడల్ సోమవారం నుంచి వరసగా 49, 49, 50, 50, 52, 55, 64 చెప్పిందనుకుందాం. చూడటానికి బుద్ధిగానే ఉంది. మామూలు రోజులు తక్కువ, వారాంతం ఎక్కువ అన్నది పట్టుకుంది.

6. తేడాలు కూడండి

ప్రతి రోజూ అసలు అమ్మకానికి, అంచనాకు మధ్య తేడా తీయండి. ఎక్కువా తక్కువా అన్న గుర్తు వదిలేసి అన్నీ కూడి, ఏడుతో భాగించండి. రోజుకు సగటున ఎన్ని ప్యాకెట్లు తప్పామో వస్తుంది. పుస్తకాల్లో దీన్ని ఎం.ఏ.ఈ. అంటారు. C31 లో ఇది వేసి F దాకా పక్కకు లాగండి:

```
=SUMPRODUCT(ABS($B$23:$B$29-C23:C29))/7
```

మీకు రావాల్సినవి ఇవి. మొదటి మూడు కాలమ్‌లకు ఇవి రాకపోతే 4వ మెట్టులో డాలర్ గుర్తులు చూసుకోండి.

| పద్ధతి | వారం మొత్తం తేడా | రోజుకు సగటు తేడా |
|---|---|---|
| నాయీవ్ | 165 | 23.6 |
| మూవింగ్ యావరేజ్ | 65 | 9.3 |
| మోడల్ | 43 | 6.1 |
| సీజనల్ నాయీవ్ | 15 | 2.1 |

ఇప్పుడు ఆ 88 శాతం ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. నాలుగో వారం మొత్తం అమ్మకం 366, మోడల్ తప్పింది 43 ప్యాకెట్లు, అంటే సుమారు 12 శాతం. మిగతా 88 "యాక్యురసీ" అయి కూర్చుంది. అదే లెక్కన సీజనల్ నాయీవ్‌కు 96 వస్తుంది.

ఇదే మోడల్‌ను నాయీవ్‌తో మాత్రమే పోల్చి "74 శాతం మెరుగు" అని కూడా రాయొచ్చు. 165 తేడా 43 కు దిగింది కదా, అంకెలో అబద్ధం లేదు. కానీ ఆదివారం 75 ను సోమవారానికి రాసిన పద్ధతిని ఓడించడం ఒక గెలుపా? ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే మాయ ఇదే: ఓడిపోయేదాన్ని ఏరి పక్కన నిలబెట్టడం. మూడూ వేయండి, అందులో అన్నిటికంటే బాగా వచ్చినదానితోనే పోల్చండి.

7. మోడల్ ఎక్కడ ఓడిందో చూడండి

సగటు ఒక్కటే చూసి వదలొద్దు, రోజుల వారీగా తేడాలు చూడండి. మోడల్ సోమవారం 5 ఎక్కువ చెప్పింది, ఆదివారం 14 తక్కువ చెప్పింది. అంటే అన్ని రోజులనూ మధ్యకు లాగేసింది. మూడు వారాల డేటాతో నేర్పిన మోడల్‌కు ఇది మామూలు జబ్బు. అది చూసింది మూడంటే మూడు ఆదివారాలు. వారంలో ఏ రోజు అన్న సమాచారం దానికి అసలు ఇచ్చారా అని కూడా వెనక్కి వెళ్లి చూసుకోండి. తేదీని ఒట్టి అంకెగా ఇచ్చేసి, రోజు పేరు ఇవ్వని ఫైళ్లు చాలానే ఉంటాయి.

సీజనల్ నాయీవ్ తేడాలను కూడా ఈసారి గుర్తుతో చూడండి: +3, -1, +3, -1, +3, -1, +3. కూడితే +9. అంటే అది రోజుకు ఒక ప్యాకెట్ పైన తక్కువ చెబుతోంది. కారణం పై పట్టికలోనే ఉంది: వారం మొత్తాలు 340, 350, 357 అని పెరుగుతూ వస్తున్నాయి. వారానికి సగటున 8.5 పెరుగుదల, రోజుకు ఒకటి చిల్లర. పోయిన వారానికి ఈ ఒక్కటి కలిపి చెబితే మొత్తం తేడా 15 నుంచి 14 కు దిగుతుంది.

గెలిచాం అందామా? ఆగండి.

8. ఒక్క వారంతో తీర్పు చెప్పొద్దు

మొదటి వారంతో రెండో వారాన్ని, రెండోదానితో మూడోదాన్ని కూడా సీజనల్ నాయీవ్‌తో అంచనా వేసి చూడండి. మొత్తం తేడాలు 14, 13 వస్తాయి. నాలుగో వారానిది 15 అని చూశాం. అంటే ఏమీ చేయకుండానే ఈ అంకె వారం వారం ఒకటో రెండో అటూ ఇటూ ఆడుతోంది. కాబట్టి ఒక వారంలో ఒక్క ప్యాకెట్ గెలుపు గెలుపు కాదు.

సరైన పద్ధతి ఇది: పరీక్ష వారాన్ని వెనక్కి జరుపుకుంటూ వెళ్లండి. కనీసం ఎనిమిది, పది వారాలకు, ప్రతిసారీ ఆ వారానికి ముందు రోజుల డేటా మాత్రమే వాడి, మోడల్‌నూ బెంచ్‌మార్క్‌నూ రెండింటినీ నడపండి. మోడల్ పదిలో ఎన్ని వారాలు గెలిచింది, ఓడినప్పుడు ఎంతతో ఓడింది అని రాసుకోండి. సగటున గెలిచి, ఒక్క పండుగ వారంలో నలభై ప్యాకెట్లు మిగిల్చే మోడల్ బూత్ యజమానికి పనికిరాదు. పెరుగు పులిసిపోయాక సగటు చూపించి ఎవరినీ ఒప్పించలేం.

తరచూ జరిగే తప్పులు

*ఒకరికి రేపటి పేపర్, ఇంకొకరికి వారం పేపర్.* అన్నిటికంటే దొంగ తప్పు ఇది. మోడల్‌ను రోజూ నిన్నటి అమ్మకం చూపించి రేపటికి అడుగుతారు, నాయీవ్‌ను మాత్రం ఆదివారం రాత్రి దగ్గరే కట్టేసి వారమంతా 75 చెప్పిస్తారు. నాయీవ్‌కు కూడా రోజూ నిన్నటి అంకె ఇస్తే నాలుగో వారంలో దాని మొత్తం తేడా 165 నుంచి 71 కు పడిపోతుంది. రెండింటికీ ఒకే రోజు దాకా తెలిసి ఉండాలి, ఒకే దూరం అడగాలి.

*గ్రాఫ్ చూసి మురిసిపోవడం.* ఒక రోజు ముందు అంచనాల్లో మోడల్ గీత అసలు గీత మీద అతికినట్టు కనబడుతుంది. దగ్గరగా చూడండి. మలుపులన్నీ ఒక రోజు ఆలస్యంగా తిరుగుతున్నాయా? అయితే మీ మోడల్ నిన్నటి అంకెను కాపీ కొడుతోంది. అది నాయీవే, కాస్త ఖరీదైన చొక్కా వేసుకుంది. మోడల్ అంచనాను ఒక వరస పైకి జరిపి తేడా తీయండి. జరిపాక తేడా ఒక్కసారిగా తగ్గిపోతే అనుమానం నిజమే.

*అయిపోయిన సరుకును అమ్మకంగా రాయడం.* ఆదివారం 78 అమ్మింది అంటే 78 మందే అడిగారా, 78 తోనే సరుకు అయిపోయిందా? అయిపోయిన రోజుల పక్కన గుర్తు పెట్టించండి. లేకపోతే బెంచ్‌మార్క్, మోడల్ రెండూ తక్కువ అమ్మడమే నేర్చుకుంటాయి.

*సున్నాలు ఉన్న డేటాకు శాతాల తేడా.* ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి రాక లాంటి లెక్కల్లో సెలవు రోజుల అంకె సున్నా. సున్నాతో భాగించలేం. శాతం కాకుండా బస్తాల్లోనో క్వింటాళ్లలోనో తేడా చూడండి, సెలవు రోజులను పరీక్ష నుంచి తీసేయండి. లేకపోతే సెలవు రోజు సున్నా అని చెప్పినందుకు కూడా మోడల్‌కు మార్కులు పడతాయి.

పండుగలు వచ్చినప్పుడు ఏం చేయాలి?

సీజనల్ నాయీవ్ మన దగ్గర దెబ్బతినేది ఇక్కడే. దసరా 2024లో అక్టోబర్ 12న వచ్చింది, 2025లో అక్టోబర్ 2న. పోయిన ఏడాది ఇదే తేదీ అని రాసుకుంటే బతుకమ్మ తొమ్మిది రోజులూ పక్కకు జరిగిపోతాయి. తేదీతో కాకుండా పండుగతో కలపండి: ఎంగిలిపూల రోజుకు పోయినేటి ఎంగిలిపూల రోజు, సద్దులకు సద్దులు. ఒక కాలమ్‌లో "దసరాకు ఇంకా ఎన్ని రోజులు" అని రాసుకుంటే చాలు. అప్పుడు కూడా ఇది సీజనల్ నాయీవే, క్యాలెండర్ మాత్రం మనది.

మేడారం ఇంకా పెద్ద పరీక్ష. సమ్మక్క సారలమ్మ మహాజాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2022లో ఫిబ్రవరి 16 నుంచి 19 వరకు, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. ములుగు రోడ్డు మీద దుకాణం ఉన్నవాళ్లు 12 నెలల వెనక్కి చూస్తే మధ్య ఏడాది లెక్క దొరుకుతుంది, జాతర లెక్క కాదు. 24 నెలల వెనక్కి చూసినా, 2026 జాతర ఫిబ్రవరి వదిలి జనవరికి వచ్చింది కాబట్టి నెల తప్పుతుంది. ఈ దుకాణానికి సరైన బెంచ్‌మార్క్ "పోయిన మహాజాతరలో ఇదే రోజు". మీ మోడల్ జాతరను పట్టుకుంది అని గొప్పగా చెప్పేముందు దీన్ని ఓడించాలి. పోయినసారి బిల్లు పుస్తకం దాచుకున్న దుకాణదారు దగ్గర ఈ బెంచ్‌మార్క్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఏ లెక్కకు ఏది గట్టి పోటీ?

రోజువారీ అమ్మకాలు, కరెంటు వాడకం, బస్సు ప్రయాణికులు లాంటివాటికి సీజనల్ నాయీవ్. వారం పోకడ లేకుండా కాస్త అటూ ఇటూ ఊగే చిన్న సరుకులకు మూవింగ్ యావరేజ్.

ధరలకు మాత్రం నాయీవ్. రేపటి మిర్చి క్వింటాల్ ధరకు ఈరోజు ధర కంటే మంచి అంచనా దొరకడం చాలా కష్టం. రేపు పెరుగుతుందని అందరికీ తెలిసే ఉంటే ఆ పెరుగుదల ఈరోజు ధరలోనే చాలావరకు వచ్చేసి ఉంటుంది. 1983లో మీస్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు కరెన్సీ మారకం రేట్ల మీద అప్పటి పేరున్న మోడళ్లను పరీక్షించారు. ఏడాది లోపు అంచనాల్లో అవి "ఈరోజు రేటే రేపటిది" అన్న పద్ధతిని దాటలేకపోయాయి.

మిషన్ లెర్నింగ్ వాడాం కదా, బెంచ్‌మార్క్ ఎందుకు అనేవాళ్ల కోసం ఇంకొకటి. 2018లో లక్ష సిరీస్‌ల మీద జరిగిన ఎం4 అంచనాల పోటీలో, పూర్తిగా మిషన్ లెర్నింగ్ మీదే ఆధారపడిన ఆరు ఎంట్రీల్లో ఒక్కటే సీజన్ ఎగుడుదిగుళ్లను సర్ది వేసిన నాయీవ్‌ను దాటింది. పోటీ మొత్తంలో మొదటి స్థానం పాత గణాంక పద్ధతినీ న్యూరల్ నెట్‌వర్క్‌నూ కలిపిన మోడల్‌కు దక్కింది. కాబట్టి మోడళ్లే దండగ అని కాదు, దాటేవి దాటుతాయి. దాటాయో లేదో చూడాలి.

మోడల్ గెలిచాక

D కాలమ్‌ను తీసేయకండి. మోడల్ పనిలోకి దిగాక కూడా ప్రతి ఆదివారం రాత్రి రెండు అంచనాలూ పక్కపక్కనే రాయండి, వచ్చే ఆదివారం రెండింటి తేడాలూ నింపండి. పక్క సందులో ఇంకో బూత్ తెరిచినా, హాస్టల్‌కు సెలవులు ఇచ్చినా సీజనల్ నాయీవ్ ఒక్క వారంలో సర్దుకుంటుంది, మోడల్ పాత అలవాటులోనే ఉండిపోవచ్చు. వరసగా నాలుగు వారాలు మోడల్ ఓడితే ఇండెంట్‌ను D కాలమ్ నుంచే ఇవ్వడం మొదలుపెట్టి, మోడల్‌ను కొత్త డేటాతో మళ్లీ నేర్పి, 8వ మెట్టు మళ్లీ చేయండి.